డెమో క్లాసులో 45 డిగ్రీల లెక్క ఎందుకు చెప్పను

ఎస్‌ఏ-1 మార్కులు ఇళ్లకు చేరగానే హన్మకొండలో ట్యూషన్ల వేట మళ్లీ మొదలవుతుంది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకసారి, దసరా సెలవులు అయిపోయి ఈ మార్కులు చూసుకున్నాక మరోసారి తల్లిదండ్రులు ట్యూషన్ మాస్టర్ల కోసం తిరుగుతారు. నక్కలగుట్ట నుంచి నయీంనగర్ దాకా కరెంటు స్తంభాలకు ఉచిత డెమో క్లాసుల ఫ్లెక్సీలు వెలుస్తాయి, పొద్దున పేపర్ విప్పితే కరపత్రాలు జారిపడతాయి. పదో తరగతి గణితానికి నేను కూడా ప్రతి ఏడాది ఈ సమయంలోనే ఒక ఉచిత డెమో పెడతాను. ఈసారి దాని గురించి నలుగురికీ చెప్పగానే ఒక తల్లి ఫోన్ చేసి, "సార్, మీ డెమోల ఎన్ని లెక్కలు చేపిస్తరు? మా పక్క గల్లీ సారు గంటల పదిహేను లెక్కలు చేపిచ్చిండంట" అని అడిగారు. నేను ఒక్క లెక్కే చేయిస్తానని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మర్యాదగానే "సరే సార్, ఆలోచిస్త" అని పెట్టేశారు.

ఆమెకు ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. డెమో క్లాసు చూసి మాస్టర్‌ను ఎంచుకోవాలనుకునే తల్లిదండ్రులు ఎన్ని లెక్కలు అయ్యాయన్నది కాకుండా, ఏ లెక్కను ఎంచుకున్నారన్నది చూడాలని నా అభిప్రాయం. కొన్ని లెక్కలు పిల్లవాడి తప్పును బయటపెడతాయి. కొన్ని లెక్కలు దాన్ని కప్పేస్తాయి. గంటలో పదిహేను లెక్కలు చేయించాలంటే కప్పేసే లెక్కలనే ఏరుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే తప్పు బయటపడిన చోట క్లాసు ఆగిపోతుంది.

ఇది గాలిలో మాటలా ఉండకూడదు గనుక ఒక్క అధ్యాయం తీసుకుంటాను. మన రాష్ట్ర పదో తరగతి గణితంలో 12వ అధ్యాయం త్రికోణమితి అనువర్తనాలు. గోపురం ఎత్తు ఎంత, పడవ ఎంత దూరంలో ఉంది, కారు ఎన్ని సెకన్లలో చేరుతుంది, ఇటువంటి లెక్కలు ఉండే చిన్న అధ్యాయం ఇది. పిల్లలు దీన్ని సులువనే అంటారు. టాన్ విలువలు మూడు గుర్తుంటే చాలావరకు సరిపోతుంది: tan 30° = 1/√3, tan 45° = 1, tan 60° = √3.

పిల్లవాడు కోణాన్ని ఎక్కడ గుర్తిస్తాడు

ఈ అధ్యాయంలో రెండు కోణాలు ఉంటాయి. కింద నిలబడి పైకి చూస్తే కంటి ముందున్న క్షితిజ సమాంతర రేఖకు, దృష్టిరేఖకు మధ్య ఏర్పడేది ఊర్ధ్వకోణం. పైనుంచి కిందికి చూస్తే అదే క్షితిజ రేఖకు, దృష్టిరేఖకు మధ్య ఏర్పడేది నిమ్నకోణం. రెండు నిర్వచనాలూ పిల్లలు తడుముకోకుండా అప్పజెప్తారు. ఊర్ధ్వకోణం లెక్కల్లో పెద్దగా తప్పులు కూడా రావు, ఎందుకంటే మనిషి నేల మీద నిలబడతాడు, క్షితిజ రేఖ నేల గీతతోనే కలిసిపోతుంది, కోణం లంబకోణ త్రిభుజంలోనే ఒక మూలన కూర్చుంటుంది.

నిమ్నకోణం అలా కాదు. గోపురం పైనుంచి చూసేవాడి క్షితిజ రేఖ త్రిభుజంలో భాగం కాదు. అది పైన, ఖాళీలో, త్రిభుజానికి బయట ఉంటుంది. పిల్లవాడు ముందు నేల గీస్తాడు, గోపురం గీస్తాడు, పైనుంచి కారు దాకా ఏటవాలుగా గీత లాగుతాడు. త్రిభుజం సిద్ధమైంది. ఇప్పుడు 30 డిగ్రీలను ఎక్కడో పెట్టాలి. చూసేవాడు పైన ఉన్నాడు గనుక కోణం పైనే ఉండాలనుకుంటాడు, త్రిభుజంలో పైన ఉన్న మూల ఒక్కటే గనుక గోపురానికి, దృష్టిరేఖకు మధ్య 30 డిగ్రీలని రాసేస్తాడు. నిజానికి ఆ మూలలో ఉండాల్సింది 60 డిగ్రీలు. నిర్వచనాన్ని ఒక్క అక్షరం పోకుండా చెప్పిన పిల్లవాడే పటంలో ఈ తప్పు చేస్తాడు. ఏటా కొత్త పిల్లల దగ్గర నేను ఇదే చూస్తున్నాను.

ఇప్పుడు ఈ పిల్లవాడికి డెమోలో 45 డిగ్రీల లెక్క ఇచ్చామనుకుందాం. 20 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఒక బస్సు నిమ్నకోణం 45 డిగ్రీలు, బస్సు ఎంత దూరంలో ఉంది? కోణాన్ని సరైన చోట పెట్టినా 20 మీటర్లే వస్తుంది, తప్పు చోట పెట్టినా 20 మీటర్లే వస్తుంది, ఎందుకంటే పై మూల, కింది మూల రెండూ 45 డిగ్రీలే. అర నిమిషంలో జవాబు వస్తుంది, మాస్టర్ శభాష్ అంటాడు, వెనక కూర్చున్న తండ్రి సంతోషిస్తాడు. తప్పు మాత్రం పిల్లవాడితోపాటు ఇంటికి వెళ్తుంది.

45 డిగ్రీల సంగతి చాలామంది మాస్టర్లకు తెలుసు. అంతగా పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పరీక్షల్లో తరచుగా కనిపించే రెండు కార్ల లెక్క తీసుకోండి. 60 మీటర్ల గోపురం పైనుంచి ఒకే వైపున్న రెండు కార్ల నిమ్నకోణాలు 30 డిగ్రీలు, 60 డిగ్రీలు. కార్ల మధ్య దూరం ఎంత? సరైన పటంలో 30 డిగ్రీల కారు 60√3 మీటర్ల దూరంలో, 60 డిగ్రీల కారు 60/√3, అంటే 20√3 మీటర్ల దూరంలో ఉంటాయి. తేడా 40√3, సుమారుగా 69.28 మీటర్లు. తప్పు పటంలో ఈ రెండు దూరాలూ తారుమారవుతాయి. 30 డిగ్రీల కారు 20√3 దగ్గర, 60 డిగ్రీల కారు 60√3 దగ్గర వచ్చి నిలబడతాయి. తేడా మళ్లీ 40√3. కార్లు గోపురానికి చెరో వైపు ఉన్నా ఇంతే, అప్పుడు రెండు దూరాలను కూడతాం గనుక మొత్తం మారదు.

అంటే ఈ అధ్యాయంలో అన్నిటికన్నా పెద్ద లెక్కగా కనిపించేది, ఎక్కువ మార్కులకు అడిగేది, ఆ తప్పును పట్టుకోవడంలో అన్నిటికన్నా పనికిరాని లెక్క. అదే లెక్కలో 60కి బదులు 45 డిగ్రీలు ఇచ్చి చూడండి. సరైన జవాబు 60(√3 − 1), దాదాపు 43.9 మీటర్లు. తప్పు పటంతో వచ్చేది 60(1 − 1/√3), దాదాపు 25.4 మీటర్లు. ఒక్క అంకె మార్చగానే తప్పు బయటికొచ్చింది. లెక్కను ఎంచుకోవడం అని నేను అంటున్నది దీన్నే.

పోయినేడు నవంబరులో ఒక అబ్బాయి డెమోకు వచ్చాడు. మంచి చేతిరాత, స్కేలుతో గీసిన పటాలు, బడిలో పెట్టిన స్లిప్ టెస్టులో ఈ రెండు కార్ల లెక్కకు పూర్తి మార్కులు. ఆ కాగితాన్ని వాళ్ల నాన్న మడతపెట్టి జేబులో తెచ్చి నాకు చూపించారు. పటంలో రెండు కోణాలూ గోపురం గోడకు ఆనుకుని ఉన్నాయి. దిద్దినవారికి చివరి జవాబు కలిసింది, మెట్లూ వరుసగా ఉన్నాయి, మార్కులు వేశారు. వందల కాగితాలు దిద్దేవారిని నేను తప్పుపట్టను. అబ్బాయిని ఒకటే అడిగాను: "ఈ రెండు కార్లలో గోపురానికి దగ్గరున్నది ఏది?" తన పటం చూసి, 30 డిగ్రీలదని చెప్పాడు. కిటికీ దగ్గరికి రమ్మని, ముందు వీధి చివర ఉన్న కిరాణా దుకాణాన్ని చూడమని, తర్వాత మా గేటు దగ్గర ఆపిన స్కూటర్‌ను చూడమని చెప్పాను. దేన్ని చూడడానికి తల ఎక్కువ వంచావు అని అడిగాను. స్కూటర్‌కే అన్నాడు. అప్పుడు తిరిగి వచ్చి తన కాగితం తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, గోపురం కొసన అడ్డంగా ఒక చుక్కల గీత గీశాడు. ఆ చుక్కల గీతే ఈ అధ్యాయంలో సగం.

ఆరు సెకన్ల కారు

కొందరు తల్లిదండ్రులు ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. జవాబు కలిసి మార్కులు వచ్చినప్పుడు పటం తప్పయితే ఏమిటి నష్టం? నష్టం తర్వాతి లెక్కలో ఉంటుంది. గోపురం పైనుంచి చూస్తుంటే ఒక కారు సమవేగంతో గోపురం వైపు వస్తోంది. మొదట నిమ్నకోణం 30 డిగ్రీలు, 6 సెకన్ల తర్వాత 60 డిగ్రీలు. గోపురం పాదం చేరడానికి ఇంకెన్ని సెకన్లు? పాఠ్యపుస్తకాల్లో బాగా నలిగిన లెక్కే.

గోపురం ఎత్తు h అనుకుంటే, సరైన పటంలో మొదటి దూరం h√3, రెండో దూరం h/√3. మొదటిది రెండోదానికి సరిగ్గా మూడు రెట్లు. మొత్తం మూడు వంతుల్లో రెండు వంతులు దాటడానికి 6 సెకన్లు పట్టింది గనుక మిగిలిన ఒక్క వంతుకు 3 సెకన్లు. గోపురం ఎత్తు తెలియకుండానే జవాబు వచ్చేస్తుంది. తప్పు పటం గీసిన పిల్లవాడికి మాత్రం కారు మొదట h/√3 దగ్గర, 6 సెకన్ల తర్వాత h√3 దగ్గర ఉంటుంది. గోపురం వైపు వస్తున్న కారు దూరంగా పోతోంది. ఇక్కడ ఆగి, ఇదేమిటని అడిగే పిల్లవాడు బాగుపడతాడు. ఎక్కువమంది ఆగరు. రుణ గుర్తును మెల్లగా చెరిపేసి, ఈ లెక్కకు జవాబు 3 అని ఎక్కడో విన్నది గుర్తు తెచ్చుకుని 3 సెకన్లు అని రాస్తారు. అంకెలు మారితే, 30-60 బదులు 30-45 వస్తే, కూలిపోతారు. అప్పుడు ఇంట్లో "లెక్కలన్నీ వచ్చు, పరీక్షలో కంగారు పడ్డడు" అంటారు. నేను చూసినంతలో అది కంగారు కాదు. పటంలో అడ్డగీత లేకపోవడం.

అందుకే నా డెమోలో లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లవాడు ఒక వాక్యం రాయాలి: ఏది దగ్గర, ఏది దూరం. నిమ్నకోణం పెద్దదైతే వస్తువు దగ్గర, చిన్నదైతే దూరం. దాని పక్కనే ఒక అంచనా కూడా రాయిస్తాను. 45 డిగ్రీలైతే దూరం ఎత్తుకు సమానం, 30 డిగ్రీలైతే ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైనే, సరిగ్గా చెప్పాలంటే 1.732 రెట్లు, 60 డిగ్రీలైతే ఎత్తులో సగం కన్నా కొంచెం ఎక్కువ. ఈ మూడు అంచనాలు చేతిలో ఉన్న పిల్లవాడు తన జవాబు తప్పని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టగలడు.

డాబా మీద దారం

డెమోలో రెండో భాగం డాబా మీద జరుగుతుంది. కోణమాని మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోంచి దారం తీసి, కొసకు ఒక గులకరాయి కడతాం. దారం ఎప్పుడూ నిట్టనిలువుగా వేలాడుతుంది. కోణమాని తిన్నటి అంచును కంటికి ఆనించి, ఆ అంచు వెంట కింద పెట్టిన వస్తువును చూడాలి. ఒకరు చూస్తుంటే పక్కనున్నవారు దారం ఏ అంకె మీద పడిందో చదువుతారు. అంచును క్షితిజ సమాంతరంగా పట్టుకుంటే దారం 90 మీద పడుతుంది. ముప్పై డిగ్రీలు కిందికి వంచితే 60 మీద పడుతుంది.

మా ఇంటి డాబా నేల నుంచి 7.5 మీటర్ల ఎత్తు. పిల్లవాడి కన్ను డాబా పైనుంచి మరో 1.5 మీటర్లు. మొత్తం 9 మీటర్లు. (ఈ 1.5 మీటర్లను మర్చిపోవడం ఇంకొక తప్పు, కానీ అది చిన్నది, ఒకసారి చెప్తే పోతుంది.) ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఒక ఎర్ర బకెట్ పెడతాను. పోయినేడు ముగ్గురు పిల్లల జట్టు చూసింది, దారం 60 మీద ఆగింది, వెంటనే నిమ్నకోణం 60 డిగ్రీలని రాసుకుని లెక్కవేశారు. 9/√3, అంటే 5.2 మీటర్లు. నేనేమీ అనలేదు, టేపు చేతికిచ్చి కిందికి పంపాను. బకెట్ గోడకు 15 మీటర్లు దాటి ఉంది. ఐదు మీటర్ల దగ్గర ఒక పాప నిలబడి, బకెట్ వైపు, డాబా వైపు మార్చి మార్చి చూసింది. దారం చూపించింది నిలువు గీతకు, చూపుకు మధ్య కోణం. మనకు కావలసింది అడ్డగీతకు, చూపుకు మధ్య కోణం, అంటే 90లోంచి 60 తీసేస్తే వచ్చే 30. అప్పుడు దూరం 9√3, దాదాపు 15.6 మీటర్లు. కాగితం మీద గోడకు ఆనించి కోణం రాసిన తప్పు, దారం అంకెను సరాసరి తీసుకున్న తప్పు ఒక్కటే. కాగితం మీద అది కనపడదు. పది మీటర్ల తేడాగా నేల మీద కనిపించినప్పుడు దాన్ని పిల్లలు మర్చిపోరు.

టేపుతో కొలిచిన దూరం 15.6 దగ్గర ఖచ్చితంగా ఆగదని కూడా ముందే చెప్తాను. చేతిలో కోణమాని ఒక్క డిగ్రీ కదిలితే దూరం మారిపోతుంది. 29 డిగ్రీలకు 16.2 మీటర్లు, 31 డిగ్రీలకు 15 మీటర్లు వస్తాయి. ఒక డిగ్రీ పొరపాటుకు అర మీటరుకు పైగా తేడా. అది చేతి వణుకు వల్ల వచ్చిన తేడా అనీ, పది మీటర్ల తేడా ఆలోచన తప్పడం వల్ల వచ్చిందనీ పిల్లలు విడదీసి చూడగలగాలి. పరీక్షలో ఇది అడగరు. అయినా నేను దీన్ని వదలను, ఎందుకంటే తన జవాబు ఎంత తప్పవచ్చో తెలిసిన పిల్లవాడు మాత్రమే జవాబు అసంభవంగా ఉన్నప్పుడు ఉలిక్కిపడతాడు.

అభ్యంతరాలు

మా ఊళ్లోనే ఏళ్ల తరబడి గణితం చెప్తున్న ఒక తోటి మాస్టర్ ఈ పద్ధతి విని తల అడ్డంగా ఊపారు. "పిలగాడు మొదటిరోజే తప్పు చేసి నలుగుట్ల సిగ్గుపడితే రెండోరోజు వస్తడా? డెమో అంటే వానికి ధైర్యం రావాలె" అన్నారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. కొత్త గదిలో, కొత్త పిల్లల మధ్య, వెనక తల్లిదండ్రులు కూర్చుని ఉండగా తన పటం తప్పని అందరికీ తెలియడం పదిహేనేళ్ల పిల్లలకు చిన్న విషయం కాదు, ముఖ్యంగా సర్కారు బడి నుంచో, పల్లె నుంచి కొత్తగా వచ్చో పట్నం పిల్లల పక్కన కూర్చున్నవారికి.

అందుకే పటాలను పేరు రాయని విడి కాగితాల మీద గీయిస్తాను. అందరివీ పోగేసి, కలిపేసి, బోర్డు మీద రెండే రెండు పటాలు గీస్తాను: కోణం గోడకు ఆనుకున్నది ఒకటి, అడ్డగీతకు ఆనుకున్నది ఒకటి. ఎవరిది ఏదో నేను అడగను. ఏది సరైనదో కూడా చెప్పను. ఏ పటంలో ఏ కారు దగ్గరుందో పిల్లలే చెప్పి, కిటికీలోంచి చూసి, ఏ పటాన్ని చెరిపేయాలో వాళ్లే నిర్ణయిస్తారు. గోడకు ఆనించిన పటమే ఎక్కువమంది గీస్తారు గనుక ఒక్కడే తప్పు చేశానన్న బెంగ ఎవరికీ ఉండదు. తోటి మాస్టర్ అభ్యంతరానికి ఇది పూర్తి సమాధానం కాదని తెలుసు. తన కాగితం తనకు తెలుసు గనుక ముఖం వాడిపోయే పిల్లలు ఉంటారు. వారితో క్లాసు అయ్యాక విడిగా మాట్లాడతాను.

రెండో అభ్యంతరం తండ్రుల నుంచి వస్తుంది. పోయినేడు ఒకాయన ఇరవై నిమిషాలు చూసి లేచి వచ్చి, "సార్, ఇంకా ఒక్క లెక్క గూడ గాలె" అన్నారు. పరీక్షలో ఈ అధ్యాయం నుంచి వచ్చేది ఒకటో రెండో ప్రశ్నలు, దానికి గంటన్నరా అన్నది ఆయన బాధ. న్యాయమే. కానీ అడ్డగీత గీయకుండా కోణాన్ని ఖాళీ ఉన్న చోట పెట్టే అలవాటు ఈ ఒక్క అధ్యాయంతో ఆగదు. స్పర్శరేఖల్లో లంబకోణాన్ని వ్యాసార్థం దగ్గర కాకుండా బయటి బిందువు దగ్గర పెట్టేది, సరూప త్రిభుజాల్లో అనురూప భుజాలను తారుమారు చేసేది ఈ పిల్లవాడే. పటాన్ని అలంకారంగా గీసి, లెక్కను సూత్రంతో వేరే చేసుకోవడం దీని మూలం. డెమోలో నేను చూడాలనుకునేది ఆ మూలాన్నే, దానికి నిమ్నకోణం లెక్క కన్నా తొందరగా దారి చూపేది నాకు దొరకలేదు.

మూడోది నాలోనే ఉన్న సందేహం. గంటన్నరలో మాస్టర్ ఎలాంటివాడో తెలుస్తుందా? డెమో రోజు అందరం బాగానే చెప్తాం. ఫిబ్రవరిలో, సిలబస్ అయిపోయి రోజుకో మోడల్ పేపర్ రాయించే రోజుల్లో, ముప్పై కాగితాలు దిద్దేటప్పుడు ఆ మాస్టర్ పటం చూస్తాడా, చివరి జవాబు మాత్రమే చూస్తాడా అన్నది డెమోలో కనపడదు. దానికి నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఏ మాస్టర్ డెమోకు వెళ్లినా, మీ పిల్లవాడు బడిలో రాసిన పాత జవాబు పత్రం ఒకటి తీసుకెళ్లి చూపించండి. మొత్తం మార్కులు చూసి మాట్లాడతారా, లోపలి పేజీలు తిప్పి ఏదైనా ఒక పటం దగ్గర ఆగుతారా చూడండి. నాకూ అదే పరీక్ష పెట్టండి.

ఉచితంగా ఎందుకన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెప్తాను. డెమోకు రూపాయి తీసుకున్నా తల్లిదండ్రులు లెక్కలు లెక్కపెడతారు, నేను లెక్కలు పెంచుతాను, మళ్లీ 45 డిగ్రీల దగ్గరికే వస్తాం. ఇప్పుడే చేరితే ఫీజులో తగ్గింపు అన్న మాట కూడా నా దగ్గర ఉండదు. డెమో రోజు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను, పేరు రాసుకోను. వారం ఆగి, ఇంట్లో పిల్లవాడితో మాట్లాడి నిర్ణయించుకోండి. చేరకపోయినా, అడ్డగీత ఎక్కడ గీయాలో తెలుసుకుని పోతే నాకు సంతోషమే.

ఈ నెల డెమో

నవంబరు మూడో ఆదివారం పొద్దున 8 గంటలకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తాం. ఎండ ముదరకముందే డాబా పని అయిపోవాలి, అందుకే ఆ వేళ. డాబా మీద పిట్టగోడ దగ్గర ఒకసారి ముగ్గురికి మించి నిలబడనివ్వను గనుక ఇరవై మందినే తీసుకుంటాను. తెలుగు మాధ్యమం పిల్లలు, ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు కలిసే కూర్చుంటారు, పటం ఇద్దరికీ ఒకటే. బడిలో ఇంకా 12వ అధ్యాయం మొదలుకాని పిల్లలు కూడా రావచ్చు. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాన్ వస్తుందని తెలిస్తే చాలు, మిగతాది మొదటి పది నిమిషాల్లో చెప్తాను. తెల్ల కాగితాలు, పెన్సిల్, స్కేలు, మధ్యలో రంధ్రం ఉన్న కోణమాని, జానెడు దారం తెచ్చుకోవాలి. ఎస్‌ఏ-1 గణితం జవాబు పత్రం ఇంట్లో ఉంటే తప్పక తీసుకురావాలి. తల్లిదండ్రులు వెనక కూర్చోవచ్చు, కానీ పిల్లవాడి కాగితంలోకి వంగి చూడవద్దని ముందే మనవి చేస్తున్నాను. వాన పడితే డాబా ఉండదు, కిటికీలోంచి గేటు దాకా కొలుస్తాం.

పాసు మార్కులు వస్తాయో రావో అన్న భయంలో ఉన్న పిల్లలకు మాత్రం ఈ డెమో సరైన చోటు కాదు. వారికి ఇప్పుడు కావలసింది సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం పట్టికలు, సంభావ్యత, గ్రాఫుల లాంటివి రోజూ కూర్చోబెట్టి చేయించేవారు. సర్కారు బడుల్లో పదో తరగతికి పెట్టే ప్రత్యేక తరగతుల్లో ఆ పనే చేయిస్తారు. బడి మాస్టర్‌ను కలిసి వాటిలో కుదురుగా కూర్చోబెడితే నా దగ్గరికి వచ్చేదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. అరవై, డెబ్బై మార్కుల దగ్గర ఆగిపోయి, అన్నీ వచ్చు కానీ ఎక్కడో పోతున్నాయని అనేవారిని, పూర్తి మార్కుల కాగితాల్లో పటాలను ఎవరూ చూడని పిల్లలను పంపండి.